‘టిన్’ అనే మాట దగ్గర పిల్లలు ఎందుకు ఆగుతారు?

ఛాత్రోపాధ్యాయులు కిండర్‌గార్టెన్ బోధనాభ్యాసంలో రాసే ప్రాక్టికమ్ ఫైళ్లలో, అక్షరాల ధ్వనులు నేర్పే ఫోనిక్స్ పాఠం ఒక పేజీలోనూ, పెద్ద పుస్తకాన్ని పిల్లలతో కలిసి చదివిన పాఠం మరో పేజీలోనూ ఉంటాయి. ఈ రెండింటినీ కలిపే వాక్యం మాత్రం అరుదుగా కనిపిస్తుంది. నిజానికి పొద్దున నేర్పిన ధ్వనులను పిల్లవాడు మధ్యాహ్నం పుస్తకం ముందు కూర్చున్నప్పుడు వాడుకుంటున్నాడా లేదా అన్నదే ఛాత్రోపాధ్యాయులు గమనించి రాయవలసిన అసలు విషయం. దానిని చూడడానికి ఒక చిన్న ఆంగ్ల పదం చాలు.

ఫోనిక్స్ పాఠంలో పీ, ఐ, ఎన్, టీ అనే నాలుగు అక్షరాల ధ్వనులు పూర్తయ్యాయనుకుందాం. ఆ తరువాత కలిసి చదివే పెద్ద పుస్తకంలో, చక్కని కథ మధ్యలో, ‘ఎ పిన్ ఇన్ ఎ టిన్’ అన్న మాటలు ఒక పేజీలో వస్తాయి. పక్కనే మూత తీసిన రేకు డబ్బా, అందులో ఒక గుండుసూది ఉన్న బొమ్మ ఉంటుంది. ఉపాధ్యాయిని పుల్లతో ఒక్కొక్క పదం కింద చూపుతూ చదివి, ‘టిన్’ దగ్గర ఆగి పిల్లల వైపు చూస్తుంది. ఒక పిల్ల ‘బాక్స్’ అంటుంది. మరొక పిల్లవాడు ‘టెన్’ అంటాడు. ఇంకొకడు అక్షరాలను ఒక్కొక్కటిగా చదివి, చివరికి ‘టయిన’ అంటాడు. మూడూ తప్పులే అయినా వాటి కారణాలు ఒకటి కావు, కాబట్టి మర్నాడు ఆ ముగ్గురికీ ఒకే పాఠం పనికిరాదు.

‘బాక్స్’ అన్న పిల్ల అక్షరాలను చూడనే లేదు. కథ చదివి వినిపిస్తున్నప్పుడు చదవడం రాని పిల్లల చూపు ఎక్కడ నిలుస్తుందో కంటి కదలికలను నమోదు చేసే పరికరాలతో పరిశీలించినప్పుడు, వారి చూపు దాదాపు ఎప్పుడూ బొమ్మల మీదే ఉంటుందని, అచ్చు మీద నిలిచే సమయం చాలా స్వల్పమని తేలింది. అందులో పిల్లల లోపమేమీ లేదు. బొమ్మ అర్థం చెబుతుంది, అచ్చు ఇంకా వారికి ఏమీ చెప్పదు. న్యూజిలాండ్‌లో డాన్ హోల్డవే 1970లలో పెద్ద పుస్తకాలతో కలిసి చదివే పద్ధతిని రూపొందించడానికి ఒక కారణం ఇదే: ఇంట్లో ఒడిలో కూర్చున్న బిడ్డకు పేజీ ఎంత దగ్గరగా కనిపిస్తుందో, తరగతిలోని పిల్లలందరికీ అచ్చు అంత స్పష్టంగా కనిపించాలి. అయితే అచ్చు పెద్దదైనంత మాత్రాన చూపు దానిమీదికి వెళ్లదు. పుల్ల పదం కిందే కదలాలి, వరుస చివరి నుంచి తిరిగి ఎడమకు రావడం కనిపించాలి, అక్కడక్కడా ‘ఈ పదం ఏ ధ్వనితో మొదలవుతోంది?’ అని అడగాలి. ‘బాక్స్’ అన్న పిల్ల విషయంలో చేయవలసిన పరీక్ష సులువైనది. బొమ్మను అట్టముక్కతో మూసి, అదే పదాన్ని మళ్లీ చదవమనాలి. ఇప్పుడు ‘టిన్’ అని సరిగా చదివితే ఆమెకు ధ్వనులు వచ్చు, చూపు నిలపడమే అలవాటు కావాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘బొమ్మ చూసి ఊహించు’ అని ప్రోత్సహించే అలవాటు చాలా తరగతుల్లో ఇంకా ఉంది. ఊహ కుదిరిన రోజున పిల్లవాడు చదివినట్టే వినిపిస్తుంది, కానీ బొమ్మలు లేని పేజీ వచ్చిన రోజున అతని చేతిలో ఏ సాధనమూ మిగలదు. బొమ్మ గురించి మాట్లాడుకోవడం కథ అర్థం కావడానికి మంచిది. పదాన్ని గుర్తించడానికి మాత్రం అక్షరాలే ఆధారం కావాలి.

‘టెన్’ అన్న పిల్లవాడు ఒక మెట్టు ముందున్నాడు. మొదటి అక్షరాన్నీ చివరి అక్షరాన్నీ పట్టుకుని మధ్య అక్షరాన్ని వదిలేశాడు. అతనికి ‘టిన్, టెన్, టాన్’ వంటి, మధ్య ధ్వని మాత్రమే మారే పదాలను పక్కపక్కన పెట్టి చదివించడం అవసరం.

ఎక్కువసేపు ఆగవలసింది ‘టయిన’ దగ్గర. ఈ పిల్లవాడు అక్షరాలన్నిటినీ చూశాడు, ఒక్కొక్కదాని ధ్వనీ తనకు నేర్పినట్టే చెప్పాడు, అయినా పదం రాలేదు. ఎందుకంటే అతనికి ‘ట్, న్’ అని కాక ‘ట, న’ అని నేర్పారు. తెలుగు చదివే మనకు ఈ తేడా కంటికే కనిపిస్తుంది: పొల్లు రాయవలసిన చోట అకారం చేరింది. తెలుగు లిపిలో హల్లును సాధారణంగా అచ్చుతోనే పలుకుతాం కనుక, ఆంగ్ల ధ్వనులు నేర్పే తెలుగు ఉపాధ్యాయుల నోట ఈ అకారం తెలియకుండానే వస్తుంది. ‘ట, ఇ, న’ అన్న మూడు ముక్కలను ఎంత వేగంగా కలిపినా ‘టిన్’ రాదు. పిల్లవాడు తనకిచ్చిన ముక్కలను నిజాయితీగా కలిపి ‘టయిన’ అన్నాడు. ఇది పిల్లవాడి తప్పు కంటే పాఠం తప్పు.

దిద్దడానికి ముందు మరొకటి తేల్చుకోవాలి. పుస్తకం మూసి, అక్షరాలు చూపకుండా, ఉపాధ్యాయిని ‘ట్... ఇ... న్’ అని పొల్లుతో పలికి, ఏ పదమో చెప్పమని అడగాలి. చెప్పగలిగితే అతనికి ధ్వనులను కలపడం వచ్చు. అక్షరానికి జతచేసిన ధ్వనిని సరిచేస్తే సరిపోతుంది. చెప్పలేకపోతే సమస్య అక్షరాలకన్నా ముందే, చెవి దగ్గరే ఉంది. అప్పుడు సోవియట్ మనస్తత్వవేత్త ఎల్కోనిన్ పేరుతో ప్రసిద్ధమైన గడుల పద్ధతి ఉపయోగపడుతుంది: కాగితం మీద మూడు గడులు గీసి, ఒక్కో ధ్వని పలుకుతూ ఒక్కో బిళ్లను గడిలోకి జరిపించి, చివర వేలితో గడుల కింద ఎడమ నుంచి కుడికి గీస్తూ మొత్తం పదం పలికించాలి.

కలపడం మొదలుపెట్టేందుకు ‘టిన్’ అంత అనువైన పదం కూడా కాదు. ‘ట్’ ధ్వని పుట్టగానే ఆగిపోతుంది, సాగదీయడానికి వీలుండదు. సాగదీయబోతేనే అకారం వచ్చి చేరుతుంది. ‘స్, మ్, న్’ ధ్వనులను ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు. అందువల్ల ‘స్స్స్-ఇఇఇ-ట్’ అని తెగకుండా పలికి ‘సిట్’ వద్దకు చేర్చడం తేలిక. అలాంటి పదాలతో అలవాటైన తరువాత ‘టిన్’కు తిరిగి రావచ్చు.

అలాగని పెద్ద పుస్తకంలోని ప్రతి పదాన్నీ ఇలా విడదీయించకూడదు. పఠన పరిశోధకులు గఫ్, టన్మర్ 1986లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం చదివి గ్రహించడమంటే అక్షరాల నుంచి పదాన్ని రాబట్టగలగడం, విన్న భాషను అర్థం చేసుకోగలగడం, ఈ రెండింటి లబ్ధం. ఒకటి సున్నా అయితే ఫలితమూ సున్నాయే. పెద్ద పుస్తకం ప్రధానంగా రెండవదానికి మేత. అందులోని పొడవైన వాక్యాలను, కొత్త మాటలను ఉపాధ్యాయినే చదవాలి. మొదటిసారి కథ కోసం ఎక్కడా ఆగకుండా చదివి, రెండవసారి పుల్లతో చూపుతూ, నేర్పిన ధ్వనులతో పూర్తిగా చదవగలిగే ఒకటి రెండు పదాల దగ్గర మాత్రమే ఆగాలి.

ఫైలులో ‘పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు’ అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. పిల్లవాడు పలికినది పలికినట్టే రాయాలి: ‘టిన్‌కు బదులు టయిన అన్నాడు. అక్షరాలు చూపకుండా ట్-ఇ-న్ అని పలికితే టిన్ అని వెంటనే కలిపాడు. రేపు ట్, న్ ధ్వనులను పొల్లుతో తిరిగి నేర్పాలి.’ ఈ మూడు వాక్యాల్లో తప్పు, దాని కారణం, తరువాతి పాఠం మూడూ ఉన్నాయి.

వారం గడిచేసరికి అదే పేజీని తరగతి అంతా గడగడా చదివేస్తుంది. దానిని ప్రగతిగా నమోదు చేసే ముందు పిల్లలు కథను కంఠస్థం చేశారేమో చూడాలి. ఆ నాలుగు అక్షరాలతోనే, పుస్తకంలో లేని ‘నిప్’, ‘టిప్’ వంటి పదాలను బొమ్మ లేని అట్టల మీద రాసి, ఒక్కొక్కరిని విడివిడిగా పిలిచి చదివించాలి. ఫైలులో నమోదు చేయవలసింది ఆ అట్టల మీద వచ్చిన ఫలితమే.