నెల్లూరు జనాభా ఎంత? అపోహలు - వాస్తవాలు

వేరేవాళ్ళు రాసిన ప్రాజెక్ట్ రిపోర్టుల్లో అంకెలు సరిచూడటం నా పని. మంచినీళ్ళు, డ్రైనేజీ, చెత్త సేకరణ, ఏ రిపోర్టు తీసినా మొదటి పేజీల్లోనే నగర జనాభా ఉంటుంది. మిగతా లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి. ఆ మధ్య ఒక రిపోర్టు వచ్చింది. రెండో పేజీలో నెల్లూరు జనాభా 5,64,148 అని ఉంది, కింద "జనగణన 2011" అని రాశారు. ఏడో పేజీకి వెళితే 5,05,258. దాని కింద కూడా "జనగణన 2011" అనే ఉంది.

రాసిన కుర్రాణ్ణి పిలిచి అడిగాను. "రెండూ నెట్‌లో ఉన్నాయి సార్. ఏది కరెక్టో తెలీక రెండూ పెట్టేశా" అన్నాడు. ఉన్నమాటే చెప్పాడు కాబట్టి తిట్టబుద్ధి కాలేదు.

రెండింటికీ తేడా 58,890 మంది. భూగర్భ డ్రైనేజీ ఉన్న, లేదా రాబోయే నగరాలకు మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నీళ్ళు లెక్క కడతారు. ఆ ప్రకారం ఈ రెండు అంకెల్లో ఏది తీసుకుంటామన్న దాన్నిబట్టి రోజుకు దాదాపు 80 లక్షల లీటర్లు అటో ఇటో అవుతాయి. ట్యాంకులు, మోటార్లు, పైపుల సైజు అన్నీ దాన్నిబట్టే మారతాయి. అందుకని ఆ రోజు మేమిద్దరం కూర్చుని ఆ అంకెలు ఎక్కణ్ణుంచి పుట్టాయో వెతికాం. అప్పుడు అతను అన్న మాటలు, నేను రోజూ వినే మాటలే, అపోహలుగా కింద పెడుతున్నాను.

అపోహ: పది సైట్లలో ఒకటే అంకె ఉందంటే అది నిజమే అయ్యుండాలి.

పది సైట్లూ ఒకరిని చూసి ఒకరు రాసుకున్నవైతే అది ఒక్క సాక్ష్యమే, పది కాదు. ఇది పట్టుకోవడం కష్టమేం కాదు. అంకెను మూడు రకాలుగా టైప్ చేసి వెతకండి: `5,05,258`, `505,258`, `505258`. మన పద్ధతిలో కామా ఒకచోట, బయటివాళ్ళ పద్ధతిలో ఇంకోచోట ఉంటుంది కాబట్టి ఒక్క రకంగానే వెతికితే సగం దొరకవు. వచ్చిన పేజీలు నాలుగైదు తెరిచి చూస్తే వాక్యాలు కూడా అవే కనిపిస్తాయి. అక్షరాస్యత, లింగ నిష్పత్తి అదే వరుసలో, అవే మాటల్లో ఉంటాయి. వాటిలో ఏదైనా ఒక పట్టిక పేరో, ప్రచురణ పేరో చెబుతోందా అన్నదే చూడాల్సింది. చెబితే దాన్ని పట్టుకుని పైకి వెళ్ళొచ్చు. "జనగణన 2011" అని మాత్రమే ఉంటే అది చిరునామాలో ఊరి పేరొక్కటే రాసినట్టు, ఏ వీధో ఏ ఇల్లో తెలియదు.

మా కుర్రాడు తెచ్చిన పేజీల్లో ఒకదాంట్లో ఒక మాట దొరికింది. ఇవి ప్రొవిజనల్, అంటే తాత్కాలిక లెక్కలని చిన్న అక్షరాల్లో రాసుంది. అతను అది చదవలేదు. దాన్ని కాపీ కొట్టిన మిగతా సైట్లయితే ఆ మాటే తీసేశాయి.

అపోహ: 2011 జనగణన అంటే ఒకే అంకె ఉంటుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. జనగణన అంకెలు ఒకేసారి రావు. ముందు తాత్కాలిక లెక్కలు వస్తాయి. ఇల్లిల్లూ తిరిగిన ఎన్యూమరేటర్లు తమ బ్లాకు మొత్తాలు వేసి పైకి పంపితే, వాటిని కూడి ప్రకటించేవి అవి. 2011లో మార్చి 1 నాటి జనాభా లెక్క ఆ నెలాఖరుకే తాత్కాలికంగా వచ్చేసింది. పట్టణాల వివరాలు ఆ తర్వాత వచ్చాయి. నింపిన ఫారాలన్నీ స్కాన్ చేసి, కంప్యూటర్లో సరిచూసి తుది లెక్కలు తేవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. సైట్లు తయారుచేసినవాళ్ళు మొదట దొరికినవి పెట్టుకున్నారు, తుది లెక్కలు వచ్చాక చాలామంది మార్చలేదు.

నెల్లూరు నగరపాలక సంస్థకు తాత్కాలిక లెక్క 5,05,258. తుది లెక్క 4,99,575. అంటే 5,683 తగ్గింది. "తుది లెక్క అంటే కొంచెం తగ్గుతుందన్నమాట" అన్నాడు మా కుర్రాడు. అట్లా సూత్రం కట్టకూడదు. ప్రకాశం జిల్లాకు తాత్కాలిక లెక్క 33,92,764 అయితే, తుది లెక్క 33,97,448. అక్కడ పెరిగింది. నెల్లూరు జిల్లా 29,66,082 నుంచి 29,63,557కు తగ్గింది.

ఇక్కడ ఇంకో సంగతి చూడండి. జిల్లా మొత్తం మీద తగ్గింది 2,525 మాత్రమే, కానీ నగరంలోనే 5,683 తగ్గింది. అంటే నగరం కాక మిగతా జిల్లా లెక్క 3,158 పెరిగిందన్నమాట. ఈ మాత్రం కూడికలు తీసివేతలు చేస్తే చాలు, తాత్కాలిక అంకెను ఏదో ఒక శాతంతో సవరించి తుది అంకెగా వాడుకోవడం కుదరదని తెలిసిపోతుంది. తుది పట్టిక తెరిచి చూడాల్సిందే.

తెరవడం ఎట్లాగంటే, `censusindia.gov.in`లో 2011 పట్టికల్లో "ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్" అని ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ఎంచుకుంటే ఎక్సెల్ ఫైళ్ళు వస్తాయి. 2011 నాటికి రాష్ట్రం విడిపోలేదు కాబట్టి తెలంగాణ జిల్లాలు కూడా అందులోనే ఉంటాయి, కంగారు పడొద్దు. రాష్ట్రం కోడ్ 28, ప్రకాశం 549, నెల్లూరు 550. ఫైల్లో `Level` అనే కాలమ్‌లో పట్టణం అన్న వరుసలు వడపోసి, `Name` కాలమ్‌లో ఊరి పేరు చూసి, `TOT_P` కింద ఉన్న అంకె తీసుకోవాలి. `TOT_M`, `TOT_F` కూడితే `TOT_P` రావాలి. నేనైతే ఇంకో అడుగు వేసి, అదే పట్టణం కింద వార్డుల వరుసలన్నీ కూడి చూస్తాను. రెండు నిమిషాల పని. వడపోతలో ఏదైనా వరుస జారిపోతే అక్కడే దొరికిపోతుంది.

పట్టణం పేరు పక్కన బ్రాకెట్లో ఏముందో చదవకుండా అంకె ఎత్తుకోవద్దు. `M Corp.` అని ఉంటే నగరపాలక సంస్థ హద్దుల్లోపలి జనం. `M Corp. + OG` అని ఉంటే దాన్ని ఆనుకుని పెరిగిన అవుట్‌గ్రోత్‌లు కూడా కలిపినట్టు. ఒకే ఊరికి రెండూ కనిపిస్తే రెండూ తుది లెక్కలే, రెండూ నిజమే, కానీ వాటి అర్థాలు వేరు.

అపోహ: నగరం అంటే నగరమే, హద్దుల గొడవ మనకెందుకు?

మా రిపోర్టులో 5,64,148 ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న ఇక్కడ తేలింది. అది నగరపాలక సంస్థది కాదు. నెల్లూరు అర్బన్ అగ్లోమరేషన్‌ది, అంటే నగరం, దాని అవుట్‌గ్రోత్‌లు, ఆనుకుని ఉన్న పట్టణాలు కలిసిన సముదాయానిది. పైగా అది కూడా తాత్కాలిక లెక్కే. కార్పొరేషన్ కట్టబోయే పైపులైనుకు సముదాయం జనాభా వేసుకుంటే, కనెక్షన్ ఇవ్వని ఇళ్ళకు కూడా నీళ్ళు లెక్క కట్టినట్టే. సముదాయాల లెక్కలు కావాలంటే A-4 అనే పట్టిక ఉంది. అందులో 1901 నుంచీ ప్రతి జనగణనలో ఆ ఊరి జనాభా వరుసగా ఉంటుంది. అడుగున ఉండే నోట్స్ చదవకుండా మాత్రం ఆ వరుసను గ్రాఫ్ గీయకండి. మధ్యలో ఏదో ఊరు కలిసుంటే జనం పుట్టి పెరిగినట్టు కనిపిస్తుంది.

ఇంకో చిక్కుంది. 2011 లెక్కలకు హద్దులు 2009 డిసెంబరు 31 నాటివి. ఆ తర్వాత చుట్టూ ఉన్న పంచాయతీలు కార్పొరేషన్లో విలీనమైతే, జనగణన పట్టికలో ఉన్న నెల్లూరు, ఇప్పటి నెల్లూరు ఒకటి కావు. ఇప్పటి హద్దుల్లో 2011 జనాభా కావాలంటే విలీనం జీవో తెచ్చుకుని, అందులోని ఊళ్ళ పేర్లు రాసుకుని, జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ పార్ట్-బిలో ఒక్కో ఊరి జనాభా తీసి కలపాలి. కలిపేటప్పుడు ఒక జాగ్రత్త. విలీనమైన ఊళ్ళో కొంత భాగం 2011లోనే అవుట్‌గ్రోత్‌గా లెక్కలోకి వచ్చి ఉండొచ్చు. మీరు `M Corp. + OG` అంకెకు ఆ ఊరు మొత్తం కలిపితే కొందరిని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. అందుకే నేనెప్పుడూ ఒట్టి `M Corp.` అంకెతోనే మొదలుపెడతాను.

అపోహ: సైట్లో 2024 జనాభా ఉంది కదా, పాత లెక్కెందుకు?

2011 తర్వాత మన ఊళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు, వచ్చేదానికి తేదీ 2027 మార్చి 1. కేంద్రం వేయించిన జనాభా అంచనాల రిపోర్టు 2036 దాకా ఉంది గానీ అది రాష్ట్రాల స్థాయిలోనే ఆగుతుంది, అందులో నెల్లూరు అనే పేరే ఉండదు. మరి సైట్లలో ఏడాదికొక అంకె ఎట్లా వస్తోంది? ఎక్కువగా ఐక్యరాజ్యసమితి పట్టణీకరణ అంచనాల నుంచి. 2018 నాటి ఆ అంచనాల్లో 3 లక్షలు దాటిన నగరాలకు ఐదేళ్ళకొక అంకె ఇచ్చారు. మధ్య సంవత్సరాలను గీత గీసి నింపుకోవచ్చు.

నింపారో లేదో మీరే చూడొచ్చు. ఒక్కో ఏడాది అంకెను ముందటి ఏడాది అంకెతో భాగించండి. ఐదేళ్ళు పెరుగుదల దాదాపు ఒకే శాతం ఉండి, 2020 దగ్గరో 2025 దగ్గరో ఠక్కున మారితే అది గీత గీసిన లెక్కే. ఊళ్ళో మనుషులు అట్లా పెరగరు. అంచనా వాడటం తప్పని కాదు. మేమూ వాడతాం, కానీ ఏ సంవత్సరం అంకె నుంచి, ఏ హద్దులకు, ఏ రేటుతో వేశామో రాస్తాం. రేటు కోసం 2001 నాటి 3,78,428ని, 2011 నాటి 4,99,575ని పక్కపక్కన పెట్టి పదేళ్ళలో 32 శాతం అని తేల్చేసేవాళ్ళున్నారు. రెండు సంవత్సరాలకూ హద్దులు ఒకటేనా అని చూశాకే ఆ శాతం వాడాలి.

అపోహ: జిల్లా అంకెకు ఈ బాధలేం ఉండవు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. నెల్లూరు నుంచి గూడూరు, సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాకు, ప్రకాశం నుంచి చీరాల, పర్చూరు బాపట్ల జిల్లాకు వెళ్ళాయి. 29,63,557 అన్నది పాత నెల్లూరు జిల్లాది. దాన్ని ఇప్పటి జిల్లా విస్తీర్ణంతో భాగించి జనసాంద్రత రాసిన పేజీలు నేను చూశాను.

చివరికి మా రిపోర్టులో రెండో పేజీ, ఏడో పేజీ రెండూ మార్చి ఒకటే వాక్యం పెట్టాం: "నెల్లూరు నగరపాలక సంస్థ, అవుట్‌గ్రోత్‌లు కాకుండా, 2009 డిసెంబరు 31 నాటి హద్దుల్లో, 2011 మార్చి 1 నాటి జనాభా 4,99,575, తుది లెక్క, ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్." కుర్రాడు చూసి, "ఇంత పొడుగ్గానా సార్, టేబుల్లో పట్టదు" అన్నాడు. ఫాంటు తగ్గించమన్నాను.