అంకె తీసేస్తే నిజం తీసేసినట్టేనా? వినిపించే స్క్రిప్టుపై అపోహలు - వాస్తవాలు

రాసిన రిపోర్టులను చెవికి ఎక్కే మాటల్లోకి మార్చడం నా పని. రిపోర్టు ఎవరిదైనా, స్క్రిప్టు చేతికి ఇవ్వగానే వచ్చే మొదటి మాట ఒకటే: "మా అంకెలన్నీ తీసేశారే! ఇక ఇందులో ఏం మిగిలింది?" నెలల తరబడి తిరిగి, ఒక్కో లెక్కా సరిచూసుకున్నవాళ్ళకి ఆ బాధ ఉంటుంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ భయంతో వాళ్ళు అంకెలన్నీ వెనక్కి పెట్టించుకుంటే, విన్నవాళ్ళకి ఒక్కటీ గుర్తుండదు. అందుకే ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: అంకెలు తగ్గిస్తే ఖచ్చితత్వం పోతుంది.

ఒక ఆరోగ్య సర్వే రిపోర్టులో ఇలాంటి వాక్యం వచ్చింది. ఎవరిదో తెలియకుండా అంకెలు మార్చాను, లెక్కలు మాత్రం సరిపోతాయి.

"సర్వేలో పరీక్షించిన 4,812 మందిలో 1,637 మందికి, అనగా 34.02 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నట్లు, వీరిలో 41.2 శాతం మందికి ఆ విషయం తెలియనట్లు, గత సర్వేలో నమోదైన 29.6 శాతంతో పోలిస్తే ఇది 4.42 శాతం అధికమైనట్లు నివేదిక వెల్లడించింది."

ఒక్క వాక్యంలో ఆరు అంకెలు. చదివేవాళ్ళకి ఫర్వాలేదు, కన్ను వెనక్కి వెళ్ళి చూసుకుంటుంది. చెవికి ఆ వీలు లేదు. "వెయ్యీ ఆరు వందల ముప్పై ఏడు" అని పలికేసరికి ముందు చెప్పిన నాలుగు వేల చిల్లర చెదిరిపోతుంది.

నేను మొదట చేసేది అంకెలు కొట్టేయడం కాదు. విన్న మనిషి ఇంటికి వెళ్ళి పక్కవాళ్ళకి ఏం చెప్పాలి అని రిపోర్టు రాసినవాళ్ళనే అడుగుతాను. ఈ సర్వే చేసినావిడ క్షణం ఆలోచించకుండా చెప్పారు: "బీపీ ఉన్నా చాలామందికి తెలియదండీ, అదే మా భయం." ఆ మాట వాక్యం నడుమ ఎక్కడో నలిగిపోయి ఉంది.

తర్వాత శాతాలను మనుషులుగా మార్చాను. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. 34 శాతాన్ని "ముగ్గురిలో ఒకరు" అంటారు, 29.6ని "పది మందిలో ముగ్గురు" అంటారు, 41.2ని "అయిదుగురిలో ఇద్దరు" అంటారు. విడివిడిగా మూడూ దగ్గరి లెక్కలే. కానీ ముగ్గురు, పది మంది, అయిదుగురు అని కొలత మారుతూ పోతే, పెరిగిందో తగ్గిందో వినేవాళ్ళు పోల్చుకోలేరు. కొలత ఒకటే ఉండాలి. నేను వంద మందిని పట్టుకుని చివరిదాకా వాళ్ళతోనే నడిచాను. 34లో 41.2 శాతం అంటే 14. స్క్రిప్టు ఇలా వచ్చింది:

"కొత్త సర్వేలో అయిదు వేలకి కాస్త తక్కువ మందికి బీపీ చూశారు. వాళ్ళలో వంద మందిని తీసుకుంటే, ముప్పై నాలుగు మందికి బీపీ ఉంది. ఇంతకుముందు సర్వేలో వంద మందిలో ముప్పై మందికే ఉండేది. ఇప్పుడు బీపీ ఉన్న ఆ ముప్పై నాలుగు మందిలో పద్నాలుగు మందికి, తమకి బీపీ ఉందన్న సంగతే తెలియదు."

అంకెలు ఇంకా ఉన్నాయి, కానీ అన్నీ ఒకే వంద మంది గురించి. "వీరిలో" అన్న మాట మాత్రం పోయింది. ఆ "వీరు" సర్వేలో ఉన్నవాళ్ళా, బీపీ ఉన్నవాళ్ళా అన్నది చెవికి తెలియదు. అందుకే "బీపీ ఉన్న ఆ ముప్పై నాలుగు మంది" అని మళ్ళీ చెప్పాను. రాతలో ఇది పునరుక్తి, వినేటప్పుడు మాత్రం ఇదే ఆసరా.

ఇంకో సంగతి. ఇలా మారుస్తుంటేనే రిపోర్టులోని తప్పు బయటపడింది. 29.6 నుంచి 34.02కి పెరగడం "4.42 శాతం" పెరగడం కాదు, 4.42 శాతం పాయింట్లు, అంటే రెండు శాతాల మధ్య తేడా. శాతంలో చెప్పాలంటే, మునుపటి 29.6తో పోలిస్తే దాదాపు 15 శాతం పెరిగింది. వంద మందిలో ముప్పై నుంచి ముప్పై నాలుగు అన్నప్పుడు ఆ గందరగోళానికి చోటే లేదు. ఖచ్చితత్వం పోతుందని భయపడిన చోట, ఈసారి అది పెరిగింది.

అంకెల్ని రౌండు చేయడం పనికిరాని చోట్లూ ఉన్నాయి. మందు మోతాదు, తేదీ, సమయం, చనిపోయినవాళ్ళ సంఖ్య ఉన్నవి ఉన్నట్టే చెప్పాలి, అవసరమైతే రెండుసార్లు. రెండు అంకెలు పక్కపక్కనే ఉన్నప్పుడూ జాగ్రత్త: 49.6, 50.4 రెంటినీ రౌండు చేస్తే రెండూ యాభై అవుతాయి, అసలు వార్త అయిన తేడా మాయమవుతుంది. అక్కడ "సగానికి కాస్త తక్కువ", "సగం కంటే కాస్త ఎక్కువ" అంటాను.

రెండు మూడు అక్షరాల మీద ఆధారపడే అంకెలంటే నాకు ఇప్పటికీ టెన్షనే. "ఇరవై శాతం తగ్గింది", "ఇరవై శాతానికి తగ్గింది" - ఈ రెంటికీ మధ్య ఎంత దూరమో చూడండి. ఒకసారి నా స్క్రిప్టులో రెండోది రాస్తే, చదివినతను వేగంలో మొదటిది పలికాడు. తప్పు అతనిది అనను, అంత సన్నని తేడా మీద వార్తను నిలబెట్టింది నేను. అప్పటినుంచి "మునుపు వంద ఉంటే ఇప్పుడు ఇరవయ్యే ఉంది" అని రాస్తున్నాను. నోరు జారినా అర్థం జారదు.

అపోహ: చిన్న వాక్యం అంటే పది మాటలు దాటకూడదు.

ఈ లెక్క ఎవరు పుట్టించారో గానీ, తెలుగుకి అది అతకదు. "చూపించుకోలేకపోతున్నవాళ్ళకి" అన్నది ఒక్క మాటే, అయినా దానిలో వాక్యమంత బరువుంది. మాటలు లెక్కపెట్టకండి, క్రియ కోసం వినేవాళ్ళు ఎంతసేపు ఆగాలో చూడండి. పై రిపోర్టు వాక్యంలో "ఉన్నట్లు, తెలియనట్లు, అధికమైనట్లు" అని వరసగా వేలాడదీసి, ఎవరు చెప్పారన్నది అన్నిటికీ చివర పెట్టారు. వినే మనిషి అంతసేపూ ఊపిరి బిగబట్టాలి. చెప్పేది ఎవరో మొదటే చెప్పి, ఒక్కో సంగతినీ దాని క్రియతో ముగిస్తే చాలు. వాక్యం కాస్త పొడవైనా తేలిగ్గానే వినిపిస్తుంది.

అపోహ: మాట్లాడే భాష అంటే కబుర్లలా రాయడం.

కాదు. ముఖ్యంగా "బీపీ ఉందట, పెరిగిందట" అని రాయకండి. ఆ "ట" తగిలితే పరీక్ష చేసి తేల్చిన విషయం కూడా ఎవరో అనుకుంటున్నట్టు వినిపిస్తుంది. "ఉంది", "పెరిగింది" అంటే సరిపోతుంది.

స్క్రిప్టు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నేను చేసేది ఒకటే. రిపోర్టు చూడని ఒకరికి ఒక్కసారి చదివి వినిపిస్తాను, వాళ్ళ చేతిలో కాగితం ఉండదు. కాసేపు వేరే మాటలు మాట్లాడి, ఏం విన్నారో చెప్పమంటాను. ఈ సర్వే స్క్రిప్టుకి సర్వే చేసినావిడ ఎదుటే అలా చేశాం. విన్నాయన "వందలో ముప్పై నాలుగు మందికి బీపీ అన్నారు కదా, వాళ్ళలో పద్నాలుగు మందికి తెలియనే తెలియదన్నారు" అని చెప్పి, కాస్త ఆగి, "నేనెప్పుడూ చూపించుకోలేదు, నాకూ ఉందేమో" అన్నాడు. ఆవిడ ఇక అంకెలు వెనక్కి పెట్టమని అడగలేదు. రిపోర్టులో మాత్రం "4.42 శాతం" పక్కన "పాయింట్లు" అని చేర్చుకున్నారు.