దూడ కుంటితే ముందు బొడ్డు చూడండి: అపోహలు - వాస్తవాలు

అపోహ: దూడ కుంటుతోందంటే తల్లి తొక్కి ఉంటుంది.

మొన్న ఒక రైతు ఫోన్ చేసి ఇదే అన్నారు. తొమ్మిది రోజుల ముర్రా దూడ, వెనక కాలు నేల మీద మోపడం లేదు. వెళ్లి చూస్తే మడమ కీలు వాచి, చెయ్యి పెడితే వేడిగా ఉంది, జ్వరం 104 దాటింది. ముందు కాలి మోకాలికి కూడా అప్పుడే వాపు మొదలైంది. తొక్కితే ఒక కాలే కదా వాచేది! పడుకోబెట్టి బొడ్డు చూశాను. పైన ఎండినట్టే ఉంది కానీ పొట్టకు అంటుకున్న చోట బొటనవేలంత లావు, నొక్కితే దూడ కాళ్లు విదిల్చింది, చీము వాసన వచ్చింది.

అసలు జరిగేది ఇది. పుట్టగానే తెగిన బొడ్డుతాడులోని సిర నేరుగా కాలేయానికి వెళ్తుంది. పేడ, మూత్రంతో తడిసిన నేల మీద దూడ పడుకుంటే సూక్ష్మజీవులు ఆ తెరిచిన దారిలో లోపలికి పోయి, రక్తంలో కలిసి కీళ్లలో చేరతాయి. కుంటడం రెండో వారంలో కనబడినా, రోగం చాలాసార్లు మొదటి రోజే పడి ఉంటుంది. ఆ దూడకు యాంటీబయాటిక్ మొదలుపెట్టి, కీలు కడిగాం. బతికింది కానీ ఆ మడమ ఇప్పటికీ పూర్తిగా వంగదు.

అపోహ: బొడ్డుకు దూదితో కాస్త మందు అద్దితే చాలు, లేకపోతే పసుపో బూడిదో పెట్టొచ్చు.

బూడిద, పేడ అసలు వద్దు, అవే మురికిని లోపలికి పంపుతాయి. పసుపు పొడి తాడు మీద పెచ్చు కడుతుంది, దాని కింద తడి అలాగే ఉంటుంది. దూదితో అద్దితే ముందు వైపే తడుస్తుంది, తెగిన చివర లోపలికి మందు చేరదు. తాడు పొడుగ్గా వేలాడుతుంటే పొట్టకు మూడు వేళ్ల దూరంలో శుభ్రమైన దారంతో కట్టి, కింద కొత్త బ్లేడుతో కోయండి. రక్తం కారకుండా చిన్నగా తెగి ఉంటే కోయనక్కర్లేదు. చిన్న గిన్నెలో టింక్చర్ అయోడిన్ పోసి, తాడు మొత్తం మునిగేలా గిన్నెను పొట్టకు ఆనించి అర నిమిషం ఉంచండి. పుట్టిన అరగంటలోపు ఒకసారి, మళ్లీ కొన్ని గంటలకు, ఆ తర్వాత తాడు ఎండే దాకా మూడు రోజులు పూటకోసారి. గిన్నెలో మిగిలిన మందును మళ్లీ సీసాలో పోయకండి, రక్తం, మురికి కలిస్తే దాని బలం పోతుంది. పోవిడోన్ అయోడిన్ క్రిములను చంపుతుంది కానీ స్పిరిట్ ఉన్న టింక్చర్‌లా తాడును త్వరగా ఎండబెట్టదు.

అపోహ: అయోడిన్ పెట్టాం కాబట్టి ఇక టెన్షన్ లేదు.

గొర్రెల మందల్లో ఇది ఎక్కువ వింటాను. పిల్లలన్నిటికీ బొడ్డు అయోడిన్‌లో ముంచి, ఈనే చోట తడి గడ్డి మార్చకపోతే, వరసగా పిల్లలు కుంటడం చూశాను. చెవి పోగులు వేసే పుండు నుంచి కూడా క్రిములు లోపలికి పోతాయి. ఇంకోటి, జున్నుపాలు. మూడు కిలోల గొర్రెపిల్లకు మొదటి ఆరు గంటల్లో కనీసం 150 మిల్లీలీటర్లు పడాలి, తాగకపోతే పిండి తాగించండి. మూడో రోజు నుంచి రోజూ బొడ్డు తడిమి చూడండి. వేడి, గట్టిదనం, వాసన, వీటిలో ఏది ఉన్నా కుంటేదాకా ఆగకుండా అదే రోజు పశువైద్యుణ్ణి పిలవండి.