వోచర్ సరిగ్గా ఉంటే లెక్క సరైనట్టేనా? ఆడిటింగ్ మొదటి ఏడాది విద్యార్థుల అపోహలు - వాస్తవాలు

ఆడిటింగ్ పేపర్‌లో మొదట్లోనే వచ్చే నాలుగు మాటలు ఇంటర్నల్ ఆడిట్, స్టాట్యుటరీ ఆడిట్, వోచింగ్, వెరిఫికేషన్. వీటి నిర్వచనాలు అందరికీ కంఠతా వస్తాయి. చేతికి ఫైలు ఇచ్చి చూడమంటేనే తికమక మొదలవుతుంది. అందుకే ఇక్కడ ఊహించిన ఒక కంపెనీని పట్టుకుని మాట్లాడుకుందాం. గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు లిమిటెడ్ స్పిన్నింగ్ మిల్లు ఉంది. పత్తి బేళ్లు కొని నూలు తీసి అమ్ముతుంది. లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది.

అపోహ: ఇంటర్నల్ ఆడిట్ కంపెనీ ఉద్యోగి చేసేది, స్టాట్యుటరీ ఆడిట్ బయటి సీఏ చేసేది. తేడా అంతే.

ఇంటర్నల్ ఆడిటర్ కూడా బయటివాడే కావచ్చు. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 138 ప్రకారం చార్టర్డ్ అకౌంటెంటుని గానీ, కాస్ట్ అకౌంటెంటుని గానీ, బోర్డు తగినవాడనుకున్న మరో ప్రొఫెషనల్‌ని గానీ పెట్టుకోవచ్చు. ఆయన కంపెనీ ఉద్యోగి అయినా అభ్యంతరం లేదు. కాబట్టి కూర్చునే కుర్చీని బట్టి తేడా రాదు. ఎవరు నియమించారు, ఎవరికి జవాబు చెప్పాలి అన్నదాన్ని బట్టి వస్తుంది.

ఇంటర్నల్ ఆడిటర్‌ని బోర్డు నియమిస్తుంది. ఏం చూడాలో, ఎన్ని నెలలకోసారి చూడాలో బోర్డో ఆడిట్ కమిటీయో ఆయనతో మాట్లాడి నిర్ణయిస్తుంది. రిపోర్టు కూడా వాళ్లకే వెళ్తుంది. స్టాట్యుటరీ ఆడిటర్‌ని సెక్షన్ 139 కింద వాటాదారులు సాధారణ సభలో నియమిస్తారు. ఆయన రిపోర్టు వాళ్లకే. ఆ పని పరిధిని చట్టం నిర్ణయించింది కాబట్టి డైరెక్టర్లు దాన్ని తగ్గించలేరు.

మన మిల్లు పత్తి కొనుగోళ్లనే తీసుకోండి. ఇంటర్నల్ ఆడిటర్ అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి: ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకున్నారా, తూకం చూసిన మనిషీ బిల్లు పాస్ చేసిన మనిషీ ఒక్కరేనా, తేమకు కోత సరిగ్గా వేశారా? అవే కొనుగోళ్ల దగ్గర స్టాట్యుటరీ ఆడిటర్‌కి కావలసింది వేరు. లాభనష్టాల ఖాతాలో చూపిన కొనుగోళ్లు నిజంగా జరిగినవేనా, మొత్తం సరైనదేనా, ఈ ఏడాదివేనా అన్నది తేలాలి. పత్తిని ఖరీదుగా కొన్నారన్నది మొదటివాడి రిపోర్టులో పెద్ద అంశం. ఖరీదుగా కొన్నా లెక్కలో ఉన్నదున్నట్టు రాస్తే రెండోవాడి అభిప్రాయం దానివల్ల మారదు.

ఇంటర్నల్ ఆడిట్ అన్ని కంపెనీలకూ తప్పనిసరి కాదు. ప్రైవేటు కంపెనీకైతే ముందటి ఆర్థిక సంవత్సరంలో టర్నోవర్ 200 కోట్లు గానీ, బ్యాంకులు, ప్రభుత్వ ఆర్థిక సంస్థల అప్పు ఏ సమయంలోనైనా 100 కోట్లు గానీ, అంతకు మించి గానీ ఉంటేనే తప్పనిసరి. స్టాట్యుటరీ ఆడిట్ మాత్రం ఎంత చిన్న కంపెనీకైనా ఉండాల్సిందే.

అపోహ: ఇంటర్నల్ ఆడిట్ బాగా జరిగితే స్టాట్యుటరీ ఆడిటర్ ఆ పని వదిలేయొచ్చు. ఇద్దరూ ఒకరే అయితే ఇంకా సులువు.

ఇద్దరూ ఒకరే కావడం కుదరదు. తాను ఆడిట్ చేసే కంపెనీకి స్టాట్యుటరీ ఆడిటర్ ఇంటర్నల్ ఆడిట్ సేవ ఇవ్వకూడదని సెక్షన్ 144 చెబుతుంది. తను చేసిన పనినే తను పరీక్షించినట్టవుతుంది కాబట్టి ఆ నిషేధం.

ఇంటర్నల్ ఆడిటర్ పనిని వాడుకోవడానికి ఎస్ఏ 610 అనే ఆడిటింగ్ ప్రమాణం దారి చూపిస్తుంది, కానీ షరతులతో. ఆయనకు తగిన స్వతంత్రత, సామర్థ్యం, పద్ధతి ఉన్నాయో లేదో ముందు చూడాలి. తర్వాత ఆయన చూసిన వాటిలో కొన్నింటిని మళ్లీ తనే చూడాలి. ఇంత చేసినా అభిప్రాయం బాధ్యత మొత్తం స్టాట్యుటరీ ఆడిటర్‌దే. ఇంటర్నల్ ఆడిటర్ మీద ఆధారపడ్డానన్న మాటతో ఆ బాధ్యత తగ్గదు.

అపోహ: వోచింగ్ అంటే బిల్లులో అంకె, లెడ్జర్‌లో అంకె ఒకటేనని చూసి టిక్ పెట్టడం.

విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

మిల్లు కోయంబత్తూరు నుంచి ఒక రింగ్ ఫ్రేమ్ యంత్రం కొంది. ధర రూ. 40,00,000. ఐజీఎస్‌టీ 18 శాతం చొప్పున రూ. 7,20,000. బిల్లు మొత్తం రూ. 47,20,000. యంత్రం మార్చి 12న మిల్లుకు చేరింది. లారీ కిరాయి రూ. 60,000. అకౌంటెంట్ యంత్రాల ఖాతాలో రూ. 47,20,000 రాశాడు, కిరాయిని ఖర్చు కింద వేశాడు. బిల్లులో 47,20,000, లెడ్జర్‌లో 47,20,000. అంకెలు కలిశాయి కాబట్టి టిక్ పెడితే రెండు తప్పులు దాటిపోయినట్టే.

బిల్లు చేతికొచ్చాక అంకె కంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. బిల్లు ఎవరి పేరున ఉంది? కంపెనీ పేరు, కంపెనీ జీఎస్‌టీ నంబరు ఉండాలి. డైరెక్టర్ పేరున ఉంటే అది ఆయన యంత్రం కావచ్చు. తేదీ ఈ ఏడాదిదేనా? కొనుగోలు ఆర్డరులో ధర, బిల్లులో ధర ఒకటేనా? సరుకు వచ్చినట్టు గేటు రిజిస్టర్‌లో లారీ నంబరుతో ఎంట్రీ ఉందా? ఇంత పెద్ద కొనుగోలుకు బోర్డు ఆమోదం ఉందా? డబ్బు బిల్లులో ఉన్న అమ్మకందారు ఖాతాకే వెళ్లిందా? ఇదే బిల్లు నంబరు లెడ్జర్‌లో మరోసారి కనిపిస్తోందా? చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. ఒరిజినల్ బిల్లుతో ఒకసారి, స్కాన్ కాపీతో మరోసారి చెల్లింపు జరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఇవన్నీ సరిపోయాక ఖాతా విషయం. మిల్లు ఆ రూ. 7,20,000కు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ తీసుకుంటే ఆ పన్ను తిరిగి వచ్చే మొత్తం. అది యంత్రం ఖరీదులో కలవకూడదు. పన్ను భాగాన్ని ఖరీదులో కలిపి ఆదాయపు పన్ను చట్టం కింద దానిమీద తరుగుదల తీసుకుంటే ఆ క్రెడిట్‌కు అర్హత ఉండదని జీఎస్‌టీ చట్టంలోని సెక్షన్ 16(3) చెబుతుంది. అంటే ఆ బిల్లుతో పాటు జీఎస్‌టీ రిటర్న్ కూడా తెరవాలి. ఇక లారీ కిరాయి యంత్రాన్ని దాని చోటుకు చేర్చడానికి పెట్టిన ఖర్చు కాబట్టి యంత్రం ఖరీదులో కలవాలి. సరైన మొత్తం 40,00,000 + 60,000 = రూ. 40,60,000. పుస్తకాల్లో ఆస్తి రూ. 6,60,000 ఎక్కువ ఉంది. ఒక్క వోచర్ కూడా నకిలీది కాదు, అయినా లెక్క తప్పు.

అపోహ: కొన్నప్పుడే వోచింగ్ చేశాం కాబట్టి ఆ ఆస్తికి వెరిఫికేషన్ అక్కర్లేదు.

వోచింగ్ చెప్పేది మార్చి 12న ఏం జరిగిందో. బ్యాలెన్స్ షీట్ చెప్పేది మార్చి 31న ఏం ఉందో. ఆ రెండో మాటకు ఆధారం వెరిఫికేషన్ నుంచే రావాలి.

మిల్లులోకి వెళ్లి యంత్రం చూడాలి. ఏదో ఒక రింగ్ ఫ్రేమ్ కనిపిస్తే చాలదు. యంత్రం మీది నేమ్‌ప్లేటులో ఉన్న సీరియల్ నంబరు, బిల్లు లేదా ప్యాకింగ్ లిస్టులోని నంబరు, స్థిరాస్తుల రిజిస్టర్‌లోని నంబరు, మూడూ కలవాలి. అప్పుడు బయటపడేది ఇలాంటిది: మార్చి 31న యంత్రం ఇంకా పెట్టెల్లోనే ఉంది, బిగించే మనుషులు ఏప్రిల్‌లో వచ్చారు, ట్రయల్ రన్ ఏప్రిల్ 14న అయింది. అంటే మార్చి 31 నాటికి అది వాడకానికి సిద్ధంగా లేదు. దాన్ని నిర్మాణంలో ఉన్న ఆస్తి కింద, అంటే క్యాపిటల్ వర్క్ ఇన్ ప్రోగ్రెస్‌గా చూపాలి. తరుగుదల వేయకూడదు. అకౌంటెంట్ 15 ఏళ్ల జీవితకాలం, 5 శాతం మిగులు విలువ పట్టుకుని 20 రోజులకు వేసిన దాదాపు రూ. 16,000 తరుగుదల తిరగరాయాలి. మొత్తం చిన్నదే అయినా ఆస్తి తప్పు పద్దు కింద ఉండడం చిన్న విషయం కాదు.

ఇంకో రెండు ప్రశ్నలు అక్కడే అడగాలి. కొత్త యంత్రం పెట్టడానికి చోటు ఎక్కడ దొరికింది? పాత ఫ్రేమ్ తీసేసి ఉంటే అది రిజిస్టర్‌లో ఇంకా ఉందా, తుక్కు అమ్మిన డబ్బు ఖాతాలో పడిందా? రెండోది, యంత్రం బ్యాంకుకు తాకట్టులో ఉందా? కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ సైట్‌లో కంపెనీ ఛార్జీల, అంటే తాకట్టుల, జాబితా తెరిచి, లోన్ మంజూరు పత్రంతో కలిపి చూస్తే తెలుస్తుంది.

అపోహ: స్టాక్ ఇంత ఉందని మేనేజర్ సంతకం చేసి ఇస్తే చాలు.

ఈ అపోహ వెనక ఇంగ్లండ్‌లోని కింగ్‌స్టన్ కాటన్ మిల్ కేసు ఉంది. మేనేజర్ ఏళ్ల తరబడి స్టాక్ ఎక్కువ చూపాడు, ఆడిటర్లు ఆయన సర్టిఫికెట్‌ని నమ్మారు. 1896లో కోర్టు ఆడిటర్లను తప్పుపట్టలేదు. ఆడిటర్ కాపలా కుక్కే తప్ప వేట కుక్క కాదన్న మాట ఆ తీర్పులోదే. దాన్ని జవాబుపత్రంలో రాయండి గానీ నేటి పనికి కొలమానంగా పెట్టుకోకండి. స్టాక్ మొత్తం లెక్కల్లో గణనీయమైతే, వీలుకాని పరిస్థితి ఉంటే తప్ప, లెక్కింపు దగ్గర ఆడిటర్ ఉండాలని ఎస్ఏ 501 అంటుంది.

మార్చి 31నే వెళ్లలేకపోతే? మన మిల్లులో లెక్కింపు ఏప్రిల్ 10 సాయంత్రం జరిగి, 412 బేళ్లు తేలాయనుకోండి. ఏప్రిల్ 1 నుంచి ఆ సాయంత్రం దాకా 90 బేళ్లు వచ్చాయి, 130 బేళ్లు ఉత్పత్తికి వెళ్లాయి. వచ్చినవి తీసేసి, వెళ్లినవి కలిపితే 412 − 90 + 130 = 452. మార్చి 31న పుస్తకాల్లో 452 ఉండాలి. 490 ఉంటే ఆ 38 బేళ్లు ఏమయ్యాయో అడగాలి. ఆ వచ్చిన 90కి, వెళ్లిన 130కి మళ్లీ గేటు రిజిస్టర్, ఇష్యూ స్లిప్పులు చూడకపోతే ఈ కూడికలు తీసివేతలకు అర్థం లేదు.

లెక్కించేటప్పుడు రెండు వైపుల నుంచీ వెళ్లాలి. షీటులో రాసినవి గోదాములో ఉన్నాయా అని కొన్ని, గోదాములో ఉన్నవి షీటులో ఎక్కాయా అని కొన్ని. బేళ్ల దొంతర ముందు వరస చూసి గుణించేస్తే మధ్యలో ఖాళీ ఉన్నా తెలియదు. వేరేవాళ్ల పత్తి మన గోదాములో ఉంటే అది మనది కాదు.

బ్యాంకు నిల్వ దగ్గరా ఇదే సూత్రం. ధ్రువీకరణ కోరే లేఖను ఆడిటరే పంపాలి, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ 2009 జనవరి 7న రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన రూ. 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ. 5,040 కోట్లు లేనివని ఒప్పుకున్నాడు. కంపెనీ చేతి మీదుగా వచ్చిన కాగితం ఎంత అందంగా ఉన్నా బయటి ఆధారం కాదు.

అపోహ: వెరిఫికేషన్ ఆస్తులకే.

అప్పులకూ ఉంది. కాకపోతే దిశ మారుతుంది. ఆస్తి దగ్గర భయం లేనిది రాశారేమోనని, అప్పు దగ్గర ఉన్నది రాయలేదేమోనని. రాయని బాకీ లెడ్జర్‌లో వెతికితే దొరకదు. అందుకే ఏప్రిల్, మే నెలల బ్యాంకు చెల్లింపులు ముందు పెట్టుకుని ఒక్కోదాని బిల్లు చూడాలి. ఏప్రిల్ 18న కరెంటు బిల్లు కట్టారు, అది మార్చి నెల వాడకానిది. మార్చి 31న చెల్లించాల్సిన ఖర్చుల్లో అది ఉందా? మార్చి 29న గేటు లోపలికి వచ్చిన పత్తికి బిల్లు ఏప్రిల్ 3న వచ్చింది. ఆ బేళ్లను స్టాక్‌లో లెక్కబెట్టి, బాకీ మాత్రం రాయకపోతే లాభం ఆ బిల్లు మొత్తం మేర పెరిగిపోతుంది. దీన్ని పట్టుకోవాలంటే మార్చిలో రాసిన చివరి సరుకు రసీదు నంబరును లెక్కింపు రోజే నోట్ చేసుకుని, ఆ నంబరు దాకా ఉన్న ప్రతి రసీదుకూ కొనుగోలు ఎంట్రీ మార్చి 31లోపు పడిందో లేదో చూడాలి.