గిన్నె నిండా మ్యూస్లీ, లేబుల్ మీద 45 గ్రాములు

ఒక పాఠకురాలి ప్రశ్న ఇది. మ్యూస్లీ ప్యాకెట్ మీద సర్వింగ్ 45 గ్రాములని, దానికి 125 మిల్లీలీటర్ల పాలు కలుపుకొంటే ఇన్ని కేలరీలు, ఇంత ప్రోటీన్, ఇంత కొవ్వు అని రాసి ఉన్నాయట. ఆమె గిన్నె కొంచెం పెద్దది కాబట్టి ఆ అంకెలన్నిటినీ రెండింతలు చేసి లెక్క రాసుకుంటున్నారట. అది సరైన పద్ధతేనా అని అడిగారు. నేను ఆమెను ఒక రోజు ఉదయం ఎప్పటిలాగే గిన్నెలో పోసుకుని, తినే ముందు తూచమన్నాను. మ్యూస్లీ 95 గ్రాములు, పాలు 180 మిల్లీలీటర్లు వచ్చాయి. రెండింతల ఊహ మ్యూస్లీకి దాదాపు సరిపోయింది, పాలకు సరిపోలేదు.

లెక్కకు ఒక సాధారణ మ్యూస్లీని తీసుకుందాం. 100 గ్రాములకు 62 గ్రాముల కార్బోహైడ్రేట్లు, 10 గ్రాముల ప్రోటీన్, 7 గ్రాముల కొవ్వు, విడిగా చూపిన 8 గ్రాముల పీచు, మొత్తం 367 కిలోకేలరీలు. వెన్న తీయని పాలకు 100 మిల్లీలీటర్లలో కార్బోహైడ్రేట్లు 4.7, ప్రోటీన్ 3.3, కొవ్వు 3.5 గ్రాములు, శక్తి 64 కిలోకేలరీలు. లేబుల్ చెప్పిన గిన్నె అంటే 45 గ్రాముల మ్యూస్లీ, 125 మిల్లీలీటర్ల పాలు. అందులో 245 కిలోకేలరీలు, 33.8 గ్రాముల కార్బోహైడ్రేట్లు, 8.6 గ్రాముల ప్రోటీన్, 7.5 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఆమె గిన్నెలో 464 కిలోకేలరీలు, 67.4 గ్రాముల కార్బోహైడ్రేట్లు, 15.4 గ్రాముల ప్రోటీన్, 13 గ్రాముల కొవ్వు తేలాయి. ఒక్కొక్కటి ఎన్ని రెట్లు పెరిగిందో చూడండి: శక్తి 1.9 రెట్లు, కార్బోహైడ్రేట్లు దాదాపు 2 రెట్లు, ప్రోటీన్ 1.8, కొవ్వు 1.7. మొత్తం గిన్నెను గుణించడానికి పనికివచ్చే ఒకే అంకె లేదు. మ్యూస్లీ 2.1 రెట్లయితే పాలు 1.44 రెట్లే అయ్యాయి. పిండిపదార్థంలో ఎక్కువ భాగం మ్యూస్లీది కనుక అది మ్యూస్లీతో పాటు పెరిగింది. కొవ్వు, ప్రోటీన్ పాలలోనూ గణనీయంగా ఉన్నాయి కనుక అవి పాలతో పాటు వెనకబడ్డాయి.

రెండూ వేర్వేరుగా పెరగడానికి కారణం గిన్నెలోని గాలి. బడిలో సాంద్రత పాఠం చెప్పేటప్పుడు ఇనుప ముక్కనో, చెక్క దిమ్మెనో చూపిస్తారు. గింజల గుట్ట సాంద్రత గురించి మాత్రం ఎవరూ చెప్పరు, అది నాకు ఎప్పటి నుంచో ఉన్న అసంతృప్తి. వంటింట్లో మనం కొలిచేవన్నీ గుట్టలే. గుట్టలో పదార్థమూ ఉంటుంది, వాటి మధ్య ఖాళీలూ ఉంటాయి. ఆ రెండింటినీ కలిపిన ఘనపరిమాణంతో బరువును భాగిస్తే వచ్చేది గుట్ట సాంద్రత. కార్న్‌ఫ్లేక్స్ వంకర తిరిగిన రేకులు కాబట్టి ఒకదాని మీద ఒకటి సర్దుకోవు, 300 మిల్లీలీటర్ల గిన్నెలో సుమారు 35 గ్రాములే పడతాయి. అదే గిన్నెలో ఓట్లు, గింజలు, ఎండు ద్రాక్ష కలిసిన మ్యూస్లీ పోస్తే సుమారు 120 గ్రాములు పడుతుంది. కంటికి రెండు గిన్నెలూ ఒకలాగే నిండి కనిపిస్తాయి, బరువులో తేడా మూడు రెట్లకు పైనే. అమెరికా లేబుల్ నిబంధనలు కూడా ఈ విషయాన్ని ఒప్పుకున్నాయి. అక్కడ ఉదయపు సీరియల్స్‌ను ఒక కప్పు ఎంత తూగుతుందన్న దాన్ని బట్టి వర్గాలుగా విడగొట్టి, తేలికవాటికి 15 గ్రాములు, మధ్యరకానికి 40 గ్రాములు, బరువైనవాటికి 60 గ్రాములు ఆధారంగా పెట్టారు. ఇది మనుషులు ఒక్కసారికి మామూలుగా తినే పరిమాణాన్ని బట్టి పెట్టిన అంకె. దాన్ని వైద్యుడు రాసిన మోతాదులా, అంతకు మించి తినకూడదన్న కట్టడిలా భావించేవారు కనిపిస్తుంటారు. అది నిరాధారమైన నమ్మకం.

గిన్నె కొలతలోనూ కన్ను మోసపోతుంది. ఒకే ఆకారంలో ఉన్న రెండు గిన్నెలలో ఒకదాని వెడల్పు 12 సెంటీమీటర్లు, రెండోదాని వెడల్పు 15 అయితే వెడల్పు పెరిగింది పావువంతే, కాని పట్టే పరిమాణం 1.25ను మూడుసార్లు గుణించినంత, అంటే దాదాపు రెట్టింపు.

గుట్ట గురించి మొదలుపెట్టాను కనుక ఇంకొంచెం ముందుకు వెళ్తాను, ఎందుకంటే బరువు సరిగ్గా తూచిన తర్వాత కూడా అది వదలకుండా వెంటబడుతుంది. ప్యాకెట్‌ను కుదిపినప్పుడు పెద్ద ముక్కలు కాస్త లేచిన ప్రతిసారీ వాటి కింద ఏర్పడే సందుల్లోకి చిన్న నలుసులు జారిపోతాయి, పెద్దవి తిరిగి ఆ చోటుకు దిగలేవు. ఇలా వందల కుదుపుల తర్వాత బాదం, జీడిపప్పు పైకి తేలి, ఓట్ల పొడి అడుగుకు చేరుతుంది. రేణువుల భౌతికశాస్త్రంలో దీన్ని బ్రెజిల్ నట్ ప్రభావం అంటారు. లేబుల్ మీది అంకె ప్యాకెట్ మొత్తానికి సగటు, మనం తినేది మాత్రం పైపొరో అడుగుపొరో అవుతుంది. 95 గ్రాములలో సగటు కంటే 10 గ్రాముల బాదం ఎక్కువై, అంతే ఓట్లు తగ్గాయనుకోండి. బాదంలో సగం కొవ్వు కాబట్టి గిన్నెలో కొవ్వు సుమారు 4 గ్రాములు పెరిగి 13 నుంచి 17కు చేరుతుంది, శక్తి మాత్రం 20 కిలోకేలరీల దాకానే పెరుగుతుంది. అంటే కేలరీల లెక్క దాదాపు సరిగ్గానే ఉన్నా, కొవ్వు అంకె మూడోవంతు తప్పవచ్చు. కలపాలని ప్యాకెట్‌ను పైకీ కిందికీ గట్టిగా ఆడిస్తే వేరుపడడం ఇంకా పెరుగుతుంది. అడ్డంగా పడుకోబెట్టి నెమ్మదిగా దొర్లించాలి, లేదా వెడల్పాటి డబ్బాలోకి వంపి చేత్తో కలపాలి. ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడం సులభం: ప్యాకెట్ మొదట్లోనూ చివర్లోనూ అదే గిన్నెను అదే గీత దాకా నింపి తూస్తే, పొడి ఎక్కువైన చివరి గిన్నె సాధారణంగా బరువెక్కుతుంది.

తూచే పద్ధతిలో పెద్ద రహస్యమేమీ లేదు. ఖాళీ గిన్నెను తూకం మీద పెట్టి టేర్ మీట నొక్కి సున్నా చేయాలి, మ్యూస్లీ పోసి అంకె రాసుకోవాలి, మళ్లీ సున్నా చేసి పాలు పోయాలి. పాలు నీటికంటే కొంచెం బరువైనవి, ఒక మిల్లీలీటరు 1.03 గ్రాములు తూగుతుంది కనుక 185 గ్రాములు చూపిస్తే దాదాపు 180 మిల్లీలీటర్లని అర్థం. తర్వాత రెండింటికీ విడివిడిగా 100కు ఉన్న అంకెలతో గుణించి, ఆపైన కూడాలి. సర్వింగ్ వరుసను కాకుండా 100 గ్రాముల వరుసను వాడమనడానికి కారణం సవరింపు: 4.5 గ్రాముల ప్రోటీన్‌ను సర్వింగ్ వరుసలో 5 అని ముద్రించి ఉంటే, మనం రెట్లు వేసినప్పుడు ఆ అర గ్రామూ రెట్లై ఒక గ్రాము పైనే అవుతుంది. పీచును చూసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఐరోపా పద్ధతి లేబుళ్లలో కార్బోహైడ్రేట్ అంకెలో పీచు కలిసి ఉండదు, అమెరికా పద్ధతిలో కలిసి ఉంటుంది. కనుక ఒకే మ్యూస్లీకి ఒక చోట 62, మరో చోట 70 కనిపించవచ్చు.

చివరగా, గిన్నె అడుగున మిగిలే పాలు. కార్న్‌ఫ్లేక్స్ రేకుల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి పాలు అందులోకి దిగి, తిన్న తర్వాత అడుగున నిలుస్తాయి. మ్యూస్లీలోని ఓట్లు పాలను పీల్చుకుంటాయి, అందుకే పది నిమిషాలు ఆగి తినేవారు ఇంకొంచెం పాలు పోసుకుంటారు, ఆ రెండో పోతను లెక్కలో వేయడం తరచు మరచిపోతారు. ఆ పాఠకురాలి గిన్నెను తిన్న తర్వాత మళ్లీ తూచమన్నాను. 40 గ్రాముల పాలు మిగిలాయి. అవి అచ్చంగా పాలు కావు, ఎండు ద్రాక్ష నుంచి కరిగిన చక్కెర కూడా కొంత అందులో ఉంటుంది. అయినా పాలుగానే లెక్కకట్టి తీసివేస్తే ఆమె తిన్న కొవ్వు 13 నుంచి 11.6 గ్రాములకు, ప్రోటీన్ 15.4 నుంచి 14.1 గ్రాములకు దిగుతాయి.