ధర 25 శాతం పెరిగితే వాడకం ఎంత తగ్గించాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో పోటీ పరీక్షలకు చదివేవారికి అంకగణితం చెబుతుంటాను. శాతాల పాఠంలో ప్రతి బ్యాచూ తడబడే లెక్క ఒకటుంది. నూనె ధర పెరిగింది, నూనె మీద పెట్టే ఖర్చు మాత్రం పెరగకూడదు. వాడకం ఎంత శాతం తగ్గించాలి? నూనెకు బదులు చక్కెర ఉండవచ్చు, పెట్రోలు ఉండవచ్చు, లెక్క మాత్రం అదే. దీన్ని తప్పు చేసేవారు రెండు రకాలు. షార్ట్‌కట్ తెలియనివారు ఒక రకం, తెలిసినవారు ఇంకో రకం. నాకు రెండో రకంతోనే ఎక్కువ పని.

అపోహ: ధర ఎంత శాతం పెరిగితే వాడకం అంత శాతం తగ్గించాలి.

ఒక ఇంట్లో నెలకు 5 లీటర్ల పొద్దుతిరుగుడు నూనె పడుతుందనుకుందాం. లీటరు 120 రూపాయలైతే నెల ఖర్చు 600. ధర 25 శాతం పెరిగి 150 అయింది. వాడకాన్ని కూడా 25 శాతం తగ్గిస్తే 3.75 లీటర్లు కొంటాం, అందుకు 562 రూపాయల 50 పైసలు అవుతుంది. పెట్టదలచిన 600లో 37 రూపాయల 50 పైసలు మిగిలిపోయాయి. అంటే అవసరానికి మించి కోత పెట్టాం.

సరైన కోత ఎంతో తెలియడానికి సూత్రం అక్కరలేదు. పాత అలవాటు ప్రకారం 5 లీటర్లూ కొత్త ధరకు కొంటే 750 రూపాయలు కావాలి. చేతిలో ఉన్నవి 600. 750లో 150 తగ్గాలి, అంటే ఐదో వంతు, 20 శాతం. 5 లీటర్లు 4 లీటర్లవుతాయి. 4 లీటర్లకు లీటరు 150 చొప్పున సరిగ్గా 600.

అదే 150 రూపాయలను పాత ఖర్చు 600తో పోలిస్తే నాలుగో వంతు, కొత్త ఖర్చు 750తో పోలిస్తే ఐదో వంతు. పెరుగుదలను పాత మొత్తం మీద లెక్కగట్టాం, కోతను పెరిగిన మొత్తం మీద లెక్కగట్టాలి. ఈ లెక్కలో ఉన్న చిక్కంతా ఇదే.

ఇంకా నమ్మకం కుదరనివారిని నేనొకటే అడుగుతాను. ధర 100 శాతం పెరిగితే, అంటే రెట్టింపైతే, వాడకం 100 శాతం తగ్గిస్తారా? అలా చేస్తే పోపుకు కూడా నూనె ఉండదు. సగం తగ్గిస్తే చాలని అందరికీ తెలుసు. రెట్టింపు దగ్గర సగం అని ఠక్కున చెప్పేవారు 25 దగ్గర మళ్లీ 25 అనడం నాకు ఏటా వింతగానే ఉంటుంది.

అపోహ: సూత్రం బట్టీ పడితే చాలు.

సూత్రం తప్పు కాదు. ధర r శాతం పెరిగితే వాడకంలో తగ్గించవలసిన శాతం ఇది:

```
r / (100 + r) × 100
```

ధర తగ్గినప్పుడు హారంలో కూడికకు బదులు తీసివేత వస్తుంది. పరీక్ష హాలులో తడబాటు అక్కడే మొదలవుతుంది. కూడాలో తీసివేయాలో గుర్తుండదు. అందుకే నేను శాతాన్ని భిన్నంగా మార్చమంటాను. 25 శాతమంటే నాలుగింట ఒకటి. పెరుగుదల అయితే లవాన్ని హారానికి కలపాలి, నాలుగింట ఒకటి కాస్తా ఐదింట ఒకటి అవుతుంది. 20 శాతమంటే ఐదింట ఒకటి, అది ఆరింట ఒకటిగా మారుతుంది, అంటే 16⅔ శాతం. 10 శాతమైతే పదకొండింట ఒకటి. లవం ఒకటి కానప్పుడూ ఇదే పద్ధతి పనికొస్తుంది. 40 శాతమంటే ఐదింట రెండు, ఐదుకు రెండు కలిపితే ఏడింట రెండు.

ధర తగ్గితే లవాన్ని హారంలోంచి తీసేయాలి. 20 శాతం, అంటే ఐదింట ఒకటి తగ్గితే, అదే డబ్బుకు నాలుగింట ఒకటి, అంటే 25 శాతం ఎక్కువ సరుకు వస్తుంది.

తప్పు పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. ధర పెరిగితే వాడకంలో కోత శాతం ఎప్పుడూ ఆ పెరుగుదల కంటే చిన్నది. ధర తగ్గితే వాడకంలో పెంపు శాతం ఎప్పుడూ ఆ తగ్గుదల కంటే పెద్దది. మీ జవాబు దీనికి విరుద్ధంగా వస్తే కూడికకు బదులు తీసివేతో, తీసివేతకు బదులు కూడికో చేశారన్నమాట.

ధర తగ్గినప్పటి లెక్కను ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు వైపు నుంచి చూస్తే నవ్వు రాదు. క్వింటాలు 20,000 పలుకుతుందని 20 క్వింటాళ్లు తెచ్చిన రైతుకు 4 లక్షలు రావాలి. ధర 20 శాతం పడిపోయి 16,000 అయితే, అదే 4 లక్షలకు 25 క్వింటాళ్లు అమ్మాలి. కొనేవారు వాడకం తగ్గించుకోగలరు. కోత అయిపోయి బస్తాలకు ఎత్తిన రైతు మరో 5 క్వింటాళ్లు ఎక్కడి నుంచి తెస్తాడు?

అపోహ: ఖర్చు కొంత పెంచుకునే వీలుంటే ఆ శాతాన్ని తీసివేస్తే సరిపోతుంది.

ప్రశ్నలో చిన్న మెలిక పెడతారు. ధర 25 శాతం పెరిగింది, కుటుంబం నూనె ఖర్చును 10 శాతం మాత్రమే పెంచగలదు, వాడకంలో కోత ఎంత? 25లోంచి 10 తీసి 15 అని గుర్తు పెట్టేస్తారు. ఆప్షన్లలో 15 తప్పకుండా ఉంటుంది, ప్రశ్న తయారుచేసినవారికి మన బలహీనత తెలుసు.

మన ఇంటికే వద్దాం. ఖర్చు 600 నుంచి 660 అయింది. లీటరు 150 చొప్పున 660కి 4.4 లీటర్లు వస్తాయి. 5 లీటర్లలో 0.6 తగ్గింది, అంటే 12 శాతం. ఒక్క వరుసలో రాయాలంటే కొత్త ఖర్చును కొత్త ధరతో భాగించాలి, అంటే 110ని 125తో. 0.88 వస్తుంది, ఒకటికి ఎంత తక్కువైందో అదే కోత. ఖర్చు స్థిరంగా ఉన్నప్పుడు పైన 110కి బదులు 100 వేస్తాం, అంతే తేడా. ఈ ఒక్క భాగహారం వస్తే మొదటి సూత్రం మరిచిపోయినా నష్టం లేదు.

ఈ తీసివేత జబ్బు పరీక్షలకే పరిమితం కాదు. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల దిగుమతి సుంకాన్ని అన్నీ కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. 27.5లోంచి 5.5 తీసి, నూనె 22 శాతం ప్రియమవుతుందని నా దగ్గర చదివేవారే లెక్క చెప్పారు. నిజానికి 100 రూపాయల సరుకు సుంకంతో కలిపి అంతకుముందు 105.50, తర్వాత 127.50. పెరిగిన 22 రూపాయలను 105.50 మీద లెక్కగడితే దాదాపు 20.9 శాతం. అదీ మిగతావేవీ మారకపోతేనే.

అపోహ: షార్ట్‌కట్ తెలిస్తే ఎక్కడైనా వాడవచ్చు.

ఇక రెండో రకం వారి సంగతి. ఒకసారి బోర్డు మీద ఈ ప్రశ్న రాశాను. గ్యాసు బండ ధర 20 శాతం పెరిగింది. ఇంతవరకు 30 రోజులు వచ్చే బండను ఇకపై ఎన్ని రోజులు వచ్చేలా వాడితే ఖర్చు పెరగదు? మూడో వరుసలో కూర్చునే చురుకైన అమ్మాయి వెంటనే అంది:

"20 శాతానికి ఆరింట ఒకటి సార్. 30లో ఆరో వంతు ఐదు. 35 రోజులు."

"బండ 900 అనుకో. రోజుకు ఎంత పడుతోంది?"

"ముప్పై రూపాయలు."

"కొత్త బండ 1,080. రోజుకు ముప్పై చొప్పునే పడాలి కదా?"

ఆమె ఒక్క క్షణం ఆగి, "36 రోజులు సార్" అంది. మళ్లీ తనే అడిగింది, "అయితే ఇక్కడ 20 శాతానికి 20 శాతమేనా?"

అవును, ఇక్కడ అంతే. రోజుకు వాడే గ్యాసులో ఆరో వంతు తగ్గాలి. బండ నిలిచే రోజులు మాత్రం ఐదో వంతు పెరగాలి. వాడకానికీ ధరకూ విలోమానుపాతం, రోజులకూ వాడకానికీ విలోమానుపాతం. రెండుసార్లు తిరగేస్తే మొదటికే వస్తాం, కాబట్టి రోజులు ధరతో పాటు అదే శాతంలో పెరుగుతాయి. ఇంట్లోవారు లీటర్లలోనో కిలోల్లోనో కాక రోజుల్లోనే ఆలోచిస్తారు. "ఈ డబ్బా పండగ దాకా రావాలి" అంటారు. ఆ మాట చెవిన పడితే షార్ట్‌కట్ పక్కన పెట్టి ధర శాతాన్నే నేరుగా వాడవచ్చు.

సబ్బు దగ్గర దీనికి తలకిందులైన లెక్క ఉంది. బిళ్ల ధర మారలేదు, బరువు 125 గ్రాముల నుంచి 100 గ్రాములకు తగ్గిందనుకోండి. బరువులో తరుగు 20 శాతం, కనుక ధర కూడా 20 శాతమే పెరిగిందనుకుంటాం. గ్రాము ధర పెరిగింది 25 శాతం. మన ఖర్చు స్థిరంగా ఉంచి, వాడకంలో కోత పెట్టే పని తయారీదారే మన తరఫున చేసిపెట్టాడు.

అపోహ: నిజంగా ఇళ్లలో ఇలాగే తగ్గిస్తారు.

ఇది అభ్యర్థుల అపోహ కాదు, చాలాకాలం నాది. ప్రతి సరుకుకూ దాని ఖర్చు విడిగా స్థిరంగా ఉంటుందని ప్రశ్నపత్రం ఊహించుకుంటుంది. ఇంట్లో స్థిరంగా ఉండేది మొత్తం ఖర్చు. నెలకు 15,000 ఖర్చయ్యే ఇంట్లో నూనె వాటా 600, అంటే 4 శాతం. నూనె 25 శాతం పెరిగితే అదనంగా కావలసింది 150, మొత్తంలో ఒక్క శాతం. నూనెను ముట్టుకోకుండా మిగిలిన 14,400లోంచి ఆ 150 తీస్తే కోత ఒక్క శాతానికి కాస్త పైన. ఐదో వంతు నూనె మానేయడం కంటే అది ఎంతో తేలిక. అందుకే చాలా ఇళ్లలో ఉప్పు, నూనె, గ్యాసు వాడకం ధరకు తగ్గట్టు వంగదు, కోత ఇంకెక్కడో పడుతుంది.

నాకిది బోధపడింది మా ఇంట్లోనే. ఆమధ్య నూనె ధర పెరిగినప్పుడు, క్లాసులో చెప్పిన లెక్క ప్రకారం ఇక 4 లీటర్లు చాలని మా ఆవిడకు చెప్పాను. ఆమె విని, బీట్ బజార్ నుంచి ఎప్పటిలాగే 5 లీటర్ల డబ్బానే తెప్పించింది. ఆ ఆదివారం కిలో మటన్‌కు బదులు ముప్పావు కిలో వచ్చింది. మటన్ కిలో 800 అప్పుడు, కాబట్టి పావు కిలోకు 200 మిగిలాయి, నూనెకు 150 పోయాయి. మిగతా 50 సంగతి అడిగాను.

"మీరే లెక్కల సారు కదా, వేసుకోండి" అంది.