రీల్ తీసింది మీరే, మరి హక్కెవరిది?

క్రియేటర్లకు బ్రాండ్లు పంపే అగ్రిమెంట్లు చదివి సరిచేయించడం నా పని. ఈమధ్య విజయవాడ నుంచి వంటల చానల్ నడిపే ఒకావిడ ఫోన్ చేశారు. వంటనూనె కంపెనీకి ఒక రీల్, రెండు స్టోరీలు, మొత్తం 40,000 రూపాయలు. నేను రోజూ వినే అపోహలన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే వినిపించాయి.

అపోహ: నేనే తీశాను, నా ముఖమే ఉంది. రీల్ నాదే.

వాస్తవం: రాసుకోకపోతే మీది కాకుండా పోవచ్చు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న వీడియోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి యజమాని. అందుకే "కాపీరైట్ క్రియేటర్‌దే, బ్రాండ్‌కు వాడుకునే అనుమతి మాత్రమే" అన్న వాక్యం పడాల్సిందే. అనుమతి ఎన్నాళ్లో కూడా రాయించండి. గడువు రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా లెక్కేస్తుంది.

ఆవిడ కాగితంలో ఏకంగా "అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా" అని ఉంది. అంటే అదే 40,000కి ఆ వీడియో యూట్యూబ్ యాడ్ కావచ్చు, ఆవిడ ఫొటో బెంజ్ సర్కిల్లో హోర్డింగ్ ఎక్కొచ్చు. దాన్ని ఇలా మార్పించాం: బ్రాండ్ తన పేజీలో షేర్ చేసుకోవచ్చు. డబ్బు పెట్టి యాడ్‌గా నడపాలంటే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో 30 రోజులే. ఆపైన నెలకు 10,000.

అపోహ: ఎక్స్‌క్లూజివిటీ అంటే ఇంకో నూనె చేయకపోవడమేగా!

వాస్తవం: అక్కడ రాసి ఉన్నది "ఆహార విభాగం, 90 రోజులు". మసాలా, నెయ్యి, పిండి అన్నీ పోయాయి. వంటల చానల్‌కు ఇక మిగిలేది గిన్నెలు తోమే సబ్బే. నాలుగు పోటీ నూనెల పేర్లు రాయించి, గడువు 30 రోజులకు దించాం.

అపోహ: 30 రోజుల్లో పేమెంట్ అన్నారు, నెల తిరిగేసరికి డబ్బు వస్తుంది.

వాస్తవం: ఎప్పటినుంచి 30 రోజులు? "క్యాంపెయిన్ ముగిశాక" అని ఉంటే, అది ముగిసేది మీ చేతిలో లేదు. మీ రీల్ ఫిబ్రవరి 10న ఎక్కినా, ఆఖరి క్రియేటర్ ఏప్రిల్ నెలాఖరుకు పెడితే మీ డబ్బు మే నెలాఖరుకే. లెక్క రీల్ లైవ్ అయిన తేదీ నుంచి మొదలవ్వాలి. డీల్‌కు ముందే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకుంటే ఇంకో ఆసరా: పని అందుకున్నాక 45 రోజులు దాటించకూడదని ఎంఎస్‌ఎంఈ చట్టం. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ అడగొచ్చు.

డెలివరబుల్స్‌లో, అంటే ఆవిడ చేసివ్వాల్సిన పనుల జాబితాలో ఒక్కటే చూశా, "బ్రాండ్ సంతృప్తి చెందేవరకు మార్పులు" అన్న మాట. దాన్ని తీయించి రెండుసార్లే అని రాయించా. స్క్రిప్ట్ ఓకే చేశాక మళ్లీ షూట్ అడిగితే అదనంగా ఇవ్వాలి.

కంపెనీ అన్నిటికీ ఒప్పుకుంది, అడ్వాన్స్‌కు తప్ప. సగం అడిగితే 30 శాతం ఇచ్చింది.